నెలవంక లోపలి వంపు: గాట్లు ఎన్ని పెట్టాలి, ఎంత లోతు పెట్టాలి?

పోగుముడి: గుడ్డ ముక్కను ఇంకో గుడ్డ మీద పెట్టి, అంచును సూదిమొనతో లోపలికి మడుస్తూ చేత్తో కుట్టే నీడిల్ టర్న్ అప్లిక్‌లో నెలవంక కుడుతున్నాను. నూలు గుడ్డ. రెండు కొనల మధ్య 6 సెంటీమీటర్లు, లోపలి వంపు సరిగ్గా అరవృత్తం. మడతకు 5 మిల్లీమీటర్లు వదిలాను. అంచుకు కత్తెర గాట్లు మడత గీత దాకా పెడితే పోగులు బయటికి వస్తున్నాయి. పెట్టకపోతే అంచు మడవదు. కొందరు దగ్గరదగ్గరగా పెట్టమంటారు, కొందరు అసలు వద్దంటారు. ఏది నిజం? కొనలు కూడా మొద్దుబారుతున్నాయి.

కత్తెరచేయి: గాట్లు లేకుండా లోపలి వంపు తిరగదు, ఇందులో వాదన ఎందుకు? గుండ్రటి మెడకి లైనింగ్ వేసి తిప్పేటప్పుడు ఏం చేస్తాం? వరుసగా కుట్టు దాకా కట్స్ ఇస్తాం, మెడ చక్కగా తిరుగుతుంది. ఇక్కడా అంతే. గీత దాకా, సెంటీమీటరుకొకటి.

సన్నసూది: మెడ ఉదాహరణ సగం వరకే పనికొస్తుంది. అక్కడ గాటు మొదలుపెట్టే సరికే మెషీన్ కుట్టు పడి ఉంటుంది. గాటు ఆ కుట్టు దగ్గర ఆగుతుంది, పోగుల్ని ఆ కుట్టే పట్టుకుంటుంది. ఇక్కడ గీత మీద కుట్టంటూ ఏదీ లేదు, పెన్సిల్ గుర్తు తప్ప. గాటు గీతను తాకితే మడత మీదే గుడ్డ తెగిపోయినట్టు. సూదిమొనతో అంచు లోపలికి తోసేటప్పుడు అక్కడే పీచు లేస్తుంది.

అంచు ఎందుకు మడవదో ఈ నెలవంకతోనే లెక్క చూడండి. వంపు వ్యాసార్థం 30 మి.మీ. మీరు వదిలిన 5 మి.మీ. అంచు కొస 25 వ్యాసార్థంలో ఉంది. మడిచాక అదే కొస వెనక్కి వెళ్లి 35 దగ్గర పడుకోవాలి. అంటే పొడవు నూటికి 40 పాళ్లు పెరగాలి. గుడ్డ అంత సాగదు, అందుకే లాగుతుంది. అంచును 3 మి.మీ.కు తగ్గిస్తే కొస 27 నుంచి 33కి వెళ్తే చాలు, 22 పాళ్లే. కాబట్టి కత్తెర ముందు వాడాల్సింది గాట్లకు కాదు, లోపలి వంపులో అంచును 3 నుంచి 4 మి.మీ.కు సన్నం చేయడానికి.

ఆ తర్వాత గాట్లు. 5 మి.మీ. దూరానికొకటి, గీతకు 1 మి.మీ. ఇవతలే ఆపండి. రెండు మూడు పోగులు తెగకుండా మిగలాలి. మడత ఆ పోగుల మీదుగా తిరుగుతుంది కాబట్టి అంచు విరగదు.

కత్తెరచేయి: సరే, లోతు విషయంలో మీరన్నది ఒప్పుకుంటాను. కానీ సెంటీమీటరుకొకటి చాలదా? ఎక్కువ గాట్లంటే ఎక్కువ పీచు కదా.

సన్నసూది: చాలదు. ఈ వంపు మీద రెండు గాట్ల మధ్య గుడ్డ సాగలేక బిర్రుగా ఉంటే అక్కడ మడత వంపు తీసుకోదు, అడ్డంగా తిన్నగా పోతుంది. 10 మి.మీ. ఎడంలో ఆ తిన్నటి ముక్కకూ అసలు వంపుకూ మధ్యలో దాదాపు 0.4 మి.మీ. తేడా వస్తుంది. 5 మి.మీ. ఎడంలో 0.1 మాత్రమే, కంటికి ఆనదు. అంచు పలకలు పలకలుగా, ప్రతి గాటు దగ్గర చిన్న మూల లేచినట్టు కనిపిస్తే గాట్లు తక్కువయ్యాయనో మరీ లోతయ్యాయనో అర్థం. ఏదో తెలియాలంటే మూల మీద వేలిగోరు నడపండి. పీచు తగిలితే లోతు ఎక్కువైంది. పీచు లేకుండా మూల గట్టిగా ఉంటే ఎడం ఎక్కువైంది.

టాకాకుట్టు: గాట్లు అసలు వద్దనే వాళ్లదీ పూర్తిగా తప్పు కాదు, వాళ్లు ఐమూల గుడ్డ గురించి, అంటే పోగులకు ఏటవాలుగా కత్తిరించిన గుడ్డ గురించి మాట్లాడతారు. కొనలు నిలువు పోగు వెంట ఉండేలా ఈ నెలవంకను కత్తిరించారనుకోండి. వంపు నట్టనడుమా రెండు చివర్లా అంచు పోగు వెంట పోతుంది, అక్కడ సాగదు. ఈ మూడు చోట్ల నడుమ వచ్చే రెండు భాగాలు ఐమూల, బాగా సాగుతాయి. ఆ రెండు చోట్లా గాట్లు సగానికి తగ్గించవచ్చు. ఒకే కొలతతో చుట్టూరా గాట్లు పెట్టడం పుస్తకం పని, గుడ్డ పని కాదు.

గాట్లన్నీ ఒకేసారి పెట్టడం ఇంకో పొరపాటు. రెండు మూడు గాట్లు పెట్టండి, అంతవరకు మడిచి కుట్టండి, మళ్లీ పెట్టండి. ముందే పెట్టినవి చేతిలో నలిగి, వాటి వంతు వచ్చేసరికే పీచు లేపుతాయి.

పచ్చఆకు: నా తంటా వేరు. నా నెలవంక బయటి వంపు బుడిపెలు బుడిపెలుగా వస్తోంది. అక్కడ కూడా గాట్లు పెట్టాను, ఇంకా పాడైంది.

టాకాకుట్టు: బయటి వంపు సంగతి దీనికి తిరగేసినది. అక్కడ అంచు మడిచాక ఎక్కువైపోయి ముడతలు పడుతుంది, గాట్లతో పనిలేదు. 3 మి.మీ.కు సన్నం చేసి, ఒక్కో కుట్టుకు కావలసినంత మాత్రమే లోపలికి తోయండి. ఒకేసారి సెంటీమీటరు మడిచి వేలితో నొక్కితేనే ముడత లోపల పోగుపడి బుడిపె లేస్తుంది.

పోగుముడి: లోపలి వంపు అర్థమైంది. మరి కొనలు?

సన్నసూది: మొదటి కుట్టు కొన దగ్గరా వద్దు, లోపలి వంపులోనూ వద్దు. బయటి వంపు మధ్యలో మొదలుపెట్టండి. కొన దాకా కుట్టుకుంటూ వెళ్లి, చివరి కుట్టు రెండు గీతలు కలిసే చుక్క మీదే పడాలి. అక్కడే ఇంకో చిన్న కుట్టు వేయండి. దానికి పోగు ముందే ఆగిపోతే కొన మొద్దుబారుతుంది. మీ తంటా బహుశా ఇదే.

ఇప్పుడు ముక్కను కాస్త ఎత్తి చూస్తే, మడిచిన అంచు రెండో పక్కకు చెవిలా పొడుచుకొచ్చి ఉంటుంది. దాన్ని కత్తిరించండి, కానీ 2 మి.మీ.కన్నా తక్కువ మిగల్చకండి. తక్కువైతే సూది తగిలినప్పుడల్లా ఊడి వస్తుంది. తర్వాత సూదిమొనను కొన కొసకు ఆనించి, మిగిలిన అంచును కిందికి, లోపలికి ఒకే ఊపులో తిప్పండి. పొడిచి పొడిచి తోస్తే పోగులు విడిపోతాయి. తిరిగాక దారాన్ని కొన చూపుతున్న దిక్కుగా మెల్లగా లాగితే కొన వాడిగా తేరుతుంది. ఆ తర్వాతి రెండు కుట్లు దగ్గరగా వేయండి.

కత్తెరచేయి: నేను ముందు కొనను అడ్డంగా మడిచి, తర్వాత రెండు పక్కలు మడుస్తాను. పీచు అసలు కనపడదు.

సన్నసూది: చదరం మూలకు అది బాగుంటుంది. నెలవంక కొన సన్నం, మూడు మడతలు ఒకచోట చేరితే గింజలా ఉబ్బుతుంది.

కత్తెరచేయి: పల్చటి గుడ్డయితే ఉబ్బదు. అడ్డం మడత లేకుండా వదిలితే ఉతికిన తర్వాత కొన దగ్గర పీచు తేలడం కూడా చూశాను.

టాకాకుట్టు: కొన దగ్గర కుట్లు ఎంత ఎడంగా ఉన్నాయో చూడకుండా పీచు తప్పు మడత మీద వేయలేం. ఇద్దరూ ఒకే గుడ్డ మీద రెండు కొనలు రెండు విధాలా కుట్టి, ఉతికి చూపించండి.