గన్యా నొప్పులకి మెడికల్ షాపు తెల్ల బిళ్ళ: ఆపాలా, కొనసాగించాలా?

సాగర్‌కాలువ

మా అమ్మకి 58 ఏళ్ళు, షుగరు ఉంది. మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. చికెన్‌గున్యా వచ్చి ఇది ఐదో వారం. రక్తపరీక్షలో గన్యానే అని తేలింది. జ్వరం నాలుగు రోజుల్లో పోయింది గానీ వేళ్ళు, మణికట్లు, చీలమండలు పట్టేసి, పొద్దున చెంబు కూడా ఎత్తలేకపోయేది. షాపులో కత్తిరించి ఇచ్చిన చిన్న తెల్ల బిళ్ళ పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటే రెండో రోజుకే లేచి ముగ్గేసింది. ఇప్పటికి తొమ్మిది రోజులు. అది స్టెరాయిడ్, ఆపెయ్యమని అక్క అంటోంది. అమ్మ ససేమిరా అంటోంది. ఏం చెయ్యాలి?

వనజ టీచర్

ముందు ప్లేట్‌లెట్లు చూపించారా తమ్ముడూ? పోయినేడు మా వారికి 40 వేలకి పడిపోయి ఆరు రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. జ్వరం తగ్గిందని ఊరుకున్న మూడో రోజే పడిపోయాయి. అమ్మని వెంటనే తీసుకెళ్ళండి.

మందుల శీను

వనజ గారూ, అది డెంగీ, ఈయన అడిగింది వేరు.

సాగర్ అన్నా, నేను పద్నాలుగేళ్ళుగా ఈ కౌంటర్ వెనకే ఉన్నాను. చిన్నగా తెల్లగా ఉండి, ఒక్క రోజులో లేపి నిలబెట్టిందంటే అది డెక్సామెథాసోన్ గానీ బీటామెథాసోన్ గానీ అయ్యుంటుంది. మీ అక్క చెప్పింది నిజం. ఇవాళే ఆపెయ్యండి. వైరస్ కీళ్ళలో కూర్చుని ఉన్నప్పుడు స్టెరాయిడ్ వేస్తే అది ఇంకా పెరుగుతుంది. దాని బదులు డైక్లోఫెనాక్ రెండు పూటలా పది రోజులు వెయ్యండి.

కడప నుంచి కువైట్

శీనూ, అంత గట్టిగా చెప్పొద్దు. నాకు రెండేళ్ళ కింద సెలవుల్లో ఇంటికొచ్చినప్పుడు గన్యా వచ్చింది. రెండు నెలలైనా స్టీరింగ్ పట్టుకోలేకపోయాను. నా బతుకే డ్రైవింగ్. చివరికి కీళ్ళ డాక్టరే స్టెరాయిడ్ రాసిచ్చారు, మూడు వారాలు తగ్గించుకుంటూ వాడాను, మళ్ళీ రాలేదు. డాక్టర్లు ఇస్తే మందు, షాపువాడు ఇస్తే విషమా? పనిచేసే బిళ్ళ ఒకటే కదా.

అనంత వైద్యుడు

కువైట్ అన్న అడిగింది సరైన ప్రశ్న. బిళ్ళ ఒకటే. తేడా ఏమిటంటే, మీకు ఇచ్చినాయన ఏ మందు, ఎంత, ఎన్ని రోజులు, ఎప్పుడు ఆపాలి అన్నీ ముందే అనుకుని ఇచ్చారు. ఈ అమ్మగారి చేతిలో పేరు లేని ముక్క ఉంది, ఆపే తేదీ లేదు.

నేను 2006లో అనంతపురం జిల్లాలో కొత్తగా చేరిన డాక్టర్ని. ఇంటిల్లిపాదీ మంచాల మీదుండి, నీళ్ళిచ్చేవాళ్ళు లేక పక్క వీధివాళ్ళు వచ్చి గంజి కాచిన రోజులు చూశాను. దేశం మొత్తం మీద ఆ ఏడాది దాదాపు 14 లక్షల అనుమానిత కేసులు లెక్కకొచ్చాయి. అప్పుడు కూడా ఊరూరా ఈ తెల్ల బిళ్ళే నడిచింది. ఆరు నెలల తర్వాత మొహాలు ఉబ్బి, షుగరు ముదిరి వచ్చినవాళ్ళని నేనే చూశాను. అందుకే ఇంత రాస్తున్నాను.

శీను చెప్పినదాంట్లో సగం సరైనదే. అది స్టెరాయిడ్ అయ్యుండొచ్చన్నది, ఇలా వెయ్యకూడదన్నది నిజం. వైరస్ పెరుగుతుందన్నది మాత్రం మొదటి వారం రోజుల భయం. ఐదో వారానికి రక్తంలో వైరస్ ఉండదు. అది రేపిపెట్టిన వాపు కీళ్ళలో, వేళ్ళ నరాలనుకునే స్నాయువుల తొడుగుల్లో ఇంకా రగులుతూ ఉంటుంది. అందుకే యాంటీబయాటిక్కులతో పని లేదు, స్టెరాయిడ్‌తో మాత్రం అంత తొందరగా తేలికవుతుంది. డైక్లోఫెనాక్ సలహా నేను ఒప్పుకోను. షుగరున్న అమ్మగారికి కిడ్నీ పరీక్ష చూడకుండా, స్టెరాయిడ్ ఇంకా ఒంట్లో ఉండగా దాన్ని కలిపితే కడుపులో పుండు పడొచ్చు. విరేచనం తారులా నల్లగా వచ్చిందంటే ఆ పుండు కారుతున్నట్టే.

సాగర్, ముందు చెయ్యాల్సిన పని షాపుకి వెళ్ళి ఆ డబ్బా చూసి పేరు, మిల్లీగ్రాములు రాసుకోవడం. అది డెక్సామెథాసోన్ 0.5 అనుకుంటే రోజుకి రెండు, అంటే ఒక మిల్లీగ్రాము. చిన్న అంకెలా కనిపిస్తుంది గానీ అది ప్రెడ్నిసలోన్ 7 మిల్లీగ్రాములకి కొంచెం తక్కువ. చిన్న బిళ్ళ కదా అని తేలిగ్గా తీసుకోవడం ఇక్కడే జరుగుతుంది.

రెండోది షుగరు. పరగడుపున చూసి బాగానే ఉందనుకోకండి. స్టెరాయిడ్ దెబ్బ ఎక్కువగా మధ్యాహ్నం అన్నం తర్వాత, సాయంత్రం కనిపిస్తుంది. భోజనం అయిన రెండు గంటలకి చూడండి.

ఆపడం గురించి. తొమ్మిది రోజులే కాబట్టి ఆపితే ప్రాణాపాయం ఉండదు, కానీ రెండు మూడు రోజుల్లో నొప్పి ఎగదన్నుతుంది. అప్పుడే అమ్మలు మళ్ళీ షాపుకి వెళ్తారు. అదే మూడు వారాలు దాటి వాడినవాళ్ళయితే సొంతంగా ఒక్కసారి ఆపకూడదు. ఒంట్లో తయారయ్యే స్టెరాయిడ్ అప్పటికి నిద్రపోయి ఉంటుంది. నీరసం, వాంతులు, బీపీ పడిపోవడం వస్తాయి. మీరు ఈ రెండు మూడు రోజుల్లో ఫిజీషియన్ దగ్గరికి తీసుకెళ్ళండి.

ఇంకోమాట వనజ గారికి. ఐదో వారంలో ప్లేట్‌లెట్ల టెన్షన్ అక్కర్లేదమ్మా. మీరన్నది మొదటి వారానికి ముఖ్యం. రెండు జ్వరాలూ ఒకే దోమతో వస్తాయి కాబట్టి, డెంగీ కాదని తేలేదాకా పారాసెటమాల్ తప్ప వేరే నొప్పి బిళ్ళ వెయ్యొద్దు.

నడక ఫిజియో

నేను ఫిజియోథెరపిస్టుని. మందు సంగతి డాక్టరు గారు చెప్పారు, నేను చేతుల గురించి చెప్తాను. మా దగ్గరికి గన్యా తర్వాత వచ్చేవాళ్ళలో ఎక్కువమంది నొప్పి భయంతో వేళ్ళు కదపకుండా ఉంచి, బిగిసిపోయాక వస్తారు. పొద్దున లేవగానే గోరువెచ్చని నీళ్ళ గిన్నెలో చేతులు పెట్టి, నీళ్ళలోనే మెల్లగా గుప్పిట ముడిచి తెరవడం పది సార్లు. మణికట్టు పైకీ కిందికీ పది సార్లు. పూటకి పది నిమిషాలు చాలు.

ఎంత చెయ్యాలో నొప్పే చెబుతుంది. పని అయ్యాక రెండు గంటలకి కూడా మొదటికంటే ఎక్కువ నొప్పి ఉంటే ఆ రోజు ఎక్కువ చేసినట్టు, రేపు సగానికి తగ్గించాలి. బరువైన బిందెలు, గుడ్డలు పిండటం, రుబ్బడం ఇప్పుడొద్దు. ముగ్గేసిన రోజున ఆవిడ నిజంగా బాగుపడలేదు, నొప్పి తెలియలేదు, అంతే. వాచిన కీలుతోనే గంటసేపు వంగి కూర్చున్నారు.

సాగర్‌కాలువ

అందరికీ దండాలు. నిన్న వెళ్ళొచ్చాం. అది డెక్సామెథాసోన్ 0.5 అనే తేలింది. అంతకుముందు అమ్మ షుగరు పరగడుపున 130 ఉండేది. ఇప్పుడు 164. అన్నం తిన్న రెండు గంటలకి 318. డాక్టరు గారు చెప్పినట్టు పరగడుపుదే చూసుంటే అంత పట్టించుకునేవాళ్ళం కాదు.

మిర్యాలగూడ డాక్టరు ఆ బిళ్ళ ఆపి ప్రెడ్నిసలోన్ 5 పొద్దున టిఫిన్ తర్వాత ఐదు రోజులు, తర్వాత 2.5 ఐదు రోజులు రాశారు. పారాసెటమాల్ 650 రోజుకి మూడు. షుగరు మందు కొన్నాళ్ళు పెంచారు. కిడ్నీ పరీక్ష క్రియాటినిన్ బాగానే ఉంది. "ఆర్‌ఏ ఫ్యాక్టర్" కొద్దిగా పాజిటివ్ వచ్చింది. అదేమైనా కీళ్ళవాతమా? అమ్మకి ఆ మాట వినగానే కళ్ళనీళ్ళు వచ్చాయి. వాళ్ళమ్మ చేతులు అలాగే వంకరపోయాయట.

మందుల శీను

తొమ్మిది రోజులకే తగ్గించుకుంటూ రావడమెందుకు సార్? మీరే ఆపినా ప్రమాదం లేదన్నారు. షుగరు 318 ఉన్న మనిషికి ఇంకో పది రోజులు స్టెరాయిడ్ అంటే నాకు మింగుడుపడటం లేదు.

అనంత వైద్యుడు

శీనూ, ఇది ఇద్దరు డాక్టర్లు రెండు రకాలుగా చేసే చోటు. ఆయన తగ్గిస్తున్నది నొప్పి ఎగదన్నకుండా ఉండటానికి. ఆ షుగరు చూశాక నేనయితే నేరుగా ఆపి, పారాసెటమాల్‌తో వారం ఓపిక పట్టమనేవాణ్ణి. అసలు నాలుగో వారం నుంచే చిన్న కోర్సు ఇవ్వొచ్చనేవాళ్ళున్నారు, మూడు నెలలదాకా ఆగాలనేవాళ్ళూ ఉన్నారు. ఆయన మనిషిని చూశారు, నేను చూడలేదు. ఆయన మాట వినండి, మధ్యాహ్నం షుగరు మాత్రం రోజూ రాసిపెట్టండి.

సాగర్, ఆర్‌ఏ ఫ్యాక్టర్ వైరస్ జ్వరాల తర్వాత కొందరికి ఊరికే పాజిటివ్ వస్తుంది. ఇప్పుడే దాన్ని కీళ్ళవాతం అనుకోవద్దు. అమ్మకి ఈ మాట తప్పకుండా చెప్పండి. మూడు నెలలు నిండినా కీళ్ళు వాచే ఉండి, పొద్దున బిగుతు అరగంటకి పైగా ఉంటే అప్పుడు కీళ్ళ డాక్టరు యాంటీ సీసీపీ అనే రక్తపరీక్ష చూస్తారు. గన్యా తర్వాత నొప్పుల్లో అది ఎక్కువమందికి నెగటివే ఉంటుంది. అప్పుడు కావాల్సిన మందులు వేరే ఉన్నాయి, వాటికి కంటి పరీక్షలు, లివర్ పరీక్షలు కావాలి కాబట్టి షాపులో కొనేవి కావు.

ఎక్కువమందికి మూడు నెలల్లోపు చాలావరకు తగ్గుతుంది. నలభై ఐదు దాటిన ఆడవాళ్ళకి, షుగరున్నవాళ్ళకి ఎక్కువ కాలం పడుతుంది. నాలుగు రోజులు బాగుండి ఐదో రోజు మళ్ళీ పట్టేస్తుంది. అది జబ్బు తిరగబెట్టడం కాదు, దాని నడకే అంత. ఒక్కటే కీలు ఎర్రగా వేడిగా ఉబ్బి, చలిజ్వరం వస్తే మాత్రం అది గన్యా కాదు. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి. స్టెరాయిడ్ మీద ఉన్నవాళ్ళకి ఆ జ్వరం సరిగ్గా పైకి కూడా తేలదు.

వనజ టీచర్

పథ్యం సంగతి ఎవరూ చెప్పలేదు. వంకాయ, గోంగూర, పప్పు, కోడిమాంసం వాతం అంటారు కదా?

అనంత వైద్యుడు

వాటికీ ఈ వాపుకీ సంబంధం నేను చూడలేదు టీచర్ గారూ. పప్పూ గుడ్డూ మాన్పించి మజ్జిగన్నంతో నెల నడిపితే కండ కరిగిపోయి ఇంకా లేవలేరు. పడదని ఆవిడకే అనిపించినదొక్కటి మానేస్తే చాలు.

కడప నుంచి కువైట్

మా అమ్మ నాకు వంకాయ ముట్టనివ్వలేదు, నాకు తగ్గింది. నేనైతే మానమనే చెప్తాను.

సాగర్‌కాలువ

పదకొండో రోజు రాస్తున్నాను. ప్రెడ్నిసలోన్ నిన్నటితో అయిపోయింది. తిన్న తర్వాత షుగరు 212కి దిగింది. పొద్దున నీళ్ళ గిన్నె పని అమ్మే చేసుకుంటోంది. గుప్పిట పూర్తిగా ముడుచుకోవడం లేదు, చూపుడువేలు అరచేతికి రెండు వేళ్ళ దూరంలో ఆగుతోంది. ఉంగరం ఇంకా ఎక్కడం లేదు. నొప్పి కొంచెం ఎగదన్నింది, సగం అంటోంది. నిన్న సాయంత్రం నాకు తెలియకుండా పక్కింటి పిల్లాణ్ణి ఆ షాపుకి పంపిందట, పాత బిళ్ళ కోసం. అక్క చూసి వాణ్ణి వెనక్కి పిలిచింది. మూడు నెలలు నిండే తేదీ క్యాలెండర్ మీద రాసి తలుపు వెనక తగిలించాను.