‘పేగు మెడలేసుకుని పుట్టాడు’ అంటే?

ఉప్పల్ సభ్యురాలు: మా వదినకు 36వ వారం. బిడ్డ మెడ చుట్టూ బొడ్డుతాడు ఒక చుట్టు ఉందని స్కానింగ్‌లో రాశారు. మా అత్తమ్మేమో ‘పేగు మెడలేసుకుని పుడితే మేనమామకు గండం, నూనెలో మొహం చూడాలె’ అంటోంది. ఆ మేనమామ మా ఆయనే! ఇంతకీ ఇది ఏ పేగు? బిడ్డకు ఊపిరాడదా?

రిటైర్డ్ తెలుగు మాస్టారు: ఇక్కడ పేగంటే బొడ్డుతాడేనమ్మా. ‘పేగు తెంచుకుని పుట్టిన బిడ్డ’ అన్నా అదే. భుజం మీదుగా అడ్డంగా పడితే మా వైపు జందెంపేగు అనేవారు. తల్లి రక్తం అందులోంచే బిడ్డ ఒంట్లోకి పారుతుంది. మెడకు బిగిస్తే మాత్రం ఉరి పడ్డట్టే.

సికింద్రాబాద్ నర్సు (లేబర్ రూమ్‌లో పని): పేగు మాట సరే మాస్టారూ, మిగతా రెండూ కావు. తాడులో పారేది బిడ్డ రక్తమే. మాయలో తల్లి రక్తం, బిడ్డ రక్తం పల్చటి పొరకు చెరోపక్క ఉంటాయి. ఆక్సిజన్, గ్లూకోజ్ ఆ పొర దాటి బిడ్డ రక్తంలో చేరి, తాడులో ఉన్న ఒకే ఒక్క సిరలో బిడ్డకు వస్తాయి. వాడేసిన రక్తం రెండు ధమనుల్లో మాయకు తిరిగి వెళ్తుంది. ఇవి నలగకుండా చుట్టూ జిగురులాంటి పదార్థం ఉంటుంది.

కడుపులో బిడ్డ ముక్కుతో గాలి పీల్చదు, ఊపిరితిత్తుల్లో ఉండేది నీరే. అందుకే భయం గొంతు నొక్కుకుంటుందని కాదు, తాడు నలుగుతుందని. సిర గోడ పల్చన, ముందు అదే అణుగుతుంది. తాడు ఇంకా నలిగితే 140 దగ్గరున్న గుండె వేగం ఠక్కున 90కి పడి, నొప్పి తగ్గగానే లేస్తుంది. ఒకటి రెండుసార్లయితే చూస్తూ ఉంటాం. పదేపదే పడి, లేవడానికి టైం తీసుకుంటుంటే డాక్టర్‌ను పిలుస్తాం.

తల బయటికి రాగానే వేలితో మెడ తడుముతాం. చుట్టు వదులుగా ఉంటే తల మీదుగా తీసేస్తాం. బిగుతుగా ఉంటే తలను తల్లి తొడ దగ్గరే ఉంచి, ఒళ్లంతా దొర్లిస్తూ బయటికి తెచ్చాక విప్పుతాం. అదీ కుదరకపోతే అక్కడే రెండు క్లాంపులేసి కోస్తాం. నెలలు నిండిన కాన్పుల్లో నాలుగైదింట ఒకదానికి ఈ చుట్టు ఉంటుంది.

కూకట్‌పల్లి సభ్యురాలు: మా పాపకు రెండు చుట్లున్నాయని ఆపరేషన్ చేశారు. అనవసరంగా చేశారంటారా?

నర్సు: అలా అనలేనమ్మా. చుట్టు ఉన్నంత మాత్రాన ఆపరేషన్ అక్కర్లేదు, కానీ మీ పాప గుండె రికార్డు చూడందే చెప్పలేం. ఉప్పల్ మేడమ్, చుట్లు లెక్కపెట్టుకుంటూ టెన్షన్ పడొద్దు. స్కాన్‌కీ కాన్పుకీ మధ్య అది విడిపోవచ్చు, కొత్తగా పడొచ్చు. కదలికలు తగ్గినట్టనిపిస్తే మాత్రం తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లమనండి.

ఉప్పల్ సభ్యురాలు: సరేనండీ. మరి గండం మేనమామకే ఎందుకు?

మాస్టారు: రోహిణిలో పుట్టినా మేనమామకే గండమంటారు, అది కృష్ణుడూ కంసుడూ కథ వల్ల. ఈ పేగుకు మేనమామ ఎలా తగులుకున్నాడో ఎవరికైనా తెలిస్తే రాయండి.