‘3 పురుగులు సరిచేశాం’: బగ్, క్లౌడ్, ప్యాచ్‌లకు ఏ మాటలు పెట్టాలి?

గుంటూరు, అడిగినవారు:
నమస్కారమండీ. మిరప రైతుల యాప్ ఒకటి తెలుగులోకి మారుస్తున్నాను. ధరలు, తెగుళ్ల సలహాలు, వాతావరణం ఉంటాయి. మన మాటే ఉండాలన్న పట్టుదలతో బగ్‌ను ‘పురుగు’, క్లౌడ్‌ను ‘మేఘం’, ప్యాచ్‌ను ‘అతుకు’ చేశాను. పోయిన వారం మిర్చి యార్డులో మా బాబాయికి చూపిస్తే ‘3 పురుగులు సరిచేశాం’ అన్నచోట ఆగిపోయాడు. "ఏ పురుగురా? నల్ల తామర పురుగేనా? ఏం మందు కొట్టారంట?" అన్నాడు. 2021లో ఆ పురుగు చేలను ఎలా తినేసిందో ఇక్కడ అందరికీ గుర్తే. పక్కనున్న రైతులు కూడా ఆశగా ఫోన్‌లోకి తొంగిచూశారు. నాకు నోట మాట రాలేదు. ఇంగ్లిష్ మాటలే ఉంచెయ్యనా, కొత్తవి పుట్టించనా?

పటమట నుంచి:
పురుగు అంటే తప్పేముందండీ? బగ్ అన్న మాట పుట్టిందే పురుగు నుంచి. 1947లో హార్వర్డ్‌లో మార్క్ 2 కంప్యూటర్‌లో రిలే అనే స్విచ్ మధ్య రెక్కల పురుగు ఇరుక్కుంటే తీసి లాగ్ పుస్తకంలో అంటించారు. అప్పటి నుంచే బగ్ అంటున్నారు.

తెనాలి మాస్టారు:
పురుగు దొరకడం నిజమే బాబూ, మాట మాత్రం అంతకుముందుదే. ‘బగ్ నిజంగా దొరకడం ఇదే మొదటిసారి’ అన్న అర్థంలో ఆ పుస్తకంలో రాశారు. మాట ముందే వాడుకలో ఉంటేనే ఆ చమత్కారం అర్థమవుతుంది. యంత్రాల్లో వచ్చే చిన్న చిన్న చిక్కులను బగ్స్ అంటారని ఎడిసన్ 1878లోనే ఒక ఉత్తరంలో రాశాడు.

మాట వాళ్ల దగ్గర ఎలా పుట్టినా, ఈ యాప్‌లో దాని పక్కన ఏముందో చూడాలి. ఇక్కడ పురుగు అంటే పురుగే. బగ్‌ను ‘లోపం’ అనండి. అలాగే ‘ఆకాశం మేఘావృతం’ అని చూపించే తెర మీదే ‘మీ లెక్కలు మేఘంలో ఉన్నాయి’ అంటే ఎవరికి అర్థమవుతుంది? నెట్‌వర్క్ బొమ్మల్లో, ‘ఇక్కడ లోపల ఏముందో మనకు అక్కర్లేదు’ అనడానికి మబ్బు గీసేవారు. రైతుకు ఆ బొమ్మతో పనిలేదు. ‘మీ లెక్కలు ఆన్‌లైన్‌లో దాచాం, ఫోన్ పోయినా దొరుకుతాయి’ అనండి చాలు. సెట్టింగుల్లో పేరుగా కావాలంటే క్లౌడ్ అనే ఉంచండి.

ఆటోనగర్ నుంచి:
ప్యాచ్‌కి తెలుగెందుకండీ? నాది పంచర్ షాపు. ట్యూబు మీద గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి, కాస్త ఆరనిచ్చి ప్యాచ్ అంటిస్తాం. సరిగా ఆరకముందే అంటిస్తే మర్నాడే ఊడుతుంది. మీ యాప్ ట్యూబులకు సంబంధించినదా?

తెనాలి మాస్టారు:
యాప్ మిరపది, కానీ మీరు చెప్పింది సరిగ్గా అదే పని. మీరు ట్యూబు మార్చకుండా చిల్లు మీదే అంటిస్తారు, యాప్‌లో ప్యాచ్ కూడా మొత్తం మార్చకుండా తప్పున్నచోటే సరిచేస్తుంది. పూర్వం ప్రోగ్రాములు చిల్లుల కాగితపు టేపు మీద ఉన్నప్పుడు, తప్పు పడిన చిల్లు మీద కాగితం ముక్క అతికించేవారు. ‘అతుకు’ పెట్టొద్దు, ‘అతుకుల బొంత’ గుర్తొస్తుంది. బట్టకు ‘మాసిక’ వేస్తాం కదా, ఆ మాట నాకు ఇష్టం.

లక్ష్మీపురం నుంచి:
మాస్టారూ, మా పిల్లలకు మాసిక తెలియదు. ప్యాచ్ తెలుసు. ఇంకోటి: బగ్‌ను ‘లోపం’ అంటే ఎర్రర్‌ను ఏమంటారు?

గుంటూరు, అడిగినవారు:
‘పొరపాటు’ అని పెట్టానండీ.

లక్ష్మీపురం నుంచి:
అప్పుడు తనే ఏదో తప్పు నొక్కానని రైతు టెన్షన్ పడతాడు. నెట్ లేకపోతే ‘నెట్ లేదు, కాసేపాగి మళ్లీ నొక్కండి’ అనాలి. అక్కడ ఎర్రర్ అన్న మాటే అక్కర్లేదు.

పటమట నుంచి:
ఇది ఒప్పుకుంటాను. ఏది పెట్టినా విభక్తులు అతికి చూడండి. ‘క్లౌడ్‌లో’ అని మామూలుగా టైప్ చేస్తే ‘డ’ కింద ‘ల’ ఒత్తు పడి ‘క్లౌడ్లో’ అవుతుంది. విడిగా కనబడాలంటే మధ్యలో కనిపించని అక్షరం `U+200C` పెట్టాలి. ఒకచోట పెట్టి ఒకచోట మరిస్తే వెతుకులాటలో సగం దొరకవు. నేను ఒక ఫైల్లో రెండు రోజులు దీంతోనే తన్నుకున్నాను.

తెనాలి మాస్టారు:
అందుకే బస్సు, రోడ్డు లాగా చివర అచ్చు చేర్చి ‘క్లౌడు, క్లౌడులో’ అనండి. ఆ కనిపించని అక్షరంతో పనే ఉండదు.

గుంటూరు, అడిగినవారు:
బగ్ వరకు ఇలా మార్చాను. ఏకవచనం, బహువచనం రెండూ సరిపోయాయి:

```
msgid "%d bug fixed"
msgid_plural "%d bugs fixed"
msgstr[0] "యాప్‌లో %d లోపం సరిచేశాం"
msgstr[1] "యాప్‌లో %d లోపాలు సరిచేశాం"
```

ముందు ‘యాప్‌లో’ చేర్చాను, చేలో అనుకోకుండా. క్లౌడును రైతు చూసే తెరల నుంచి తీసేశాను. మాసికా ప్యాచా తేలలేదు. రెండూ రాసుకుని ఆదివారం యార్డుకు వెళ్తున్నాను, ఈసారి బాబాయి ఒక్కడినే కాక ముఠా కూలీలనూ అడుగుతాను.