బిడ్డ బరువును రిగ్రెషన్‌లో ఉంచాలా, తీసేయాలా?

లావణ్య:
వంటింటి పొగకూ శిశు మరణాలకూ ఉన్న సంబంధంపై పీహెచ్‌డీ చేస్తున్నాను. కట్టెల పొయ్యి వాడే ఇళ్లలో, గ్యాసు వాడే ఇళ్లలో పుట్టిన పిల్లల వివరాలు నా దగ్గర ఉన్నాయి. ఈ రెండు మోడళ్లు నడిపాను:

```r
glm(death ~ smoke, family = binomial)
glm(death ~ smoke + low_weight, family = binomial)
```

మొదటి దానిలో పొగ హాని చేస్తున్నట్టు వచ్చింది. రెండో దానిలో గుణకం గుర్తు మారిపోయి, పొగ మేలు చేస్తున్నట్టు వస్తోంది. అయితే ఏ బిడ్డకు ప్రాణాపాయం ఉందో పసిగట్టడంలో రెండోదే ఎంతో మెరుగు. మా గైడు బరువును ఉంచమంటున్నారు. ఏది సరైనది?

కిరణ్:
ఇందులో సందేహం ఎందుకు? రెండోదే. మోడల్ డేటాకు ఎంత సరిపోయిందో చెప్పే ఏఐసీ తగ్గిందా, చూడని డేటా మీద పసిగట్టే శక్తిని కొలిచే ఏయూసీ పెరిగిందా అన్నదే కొలమానం. తక్కువగా పసిగట్టే మోడల్ వాస్తవానికి దగ్గరగా ఉందని ఎవరైనా అంటే నేను నమ్మను. శిశు మరణాల విషయంలో బరువు చాలా బలమైన చలరాశి, దాన్ని తీసేస్తే చేతిలో ఉన్న సమాచారాన్ని పారేసినట్టే. ఇంకో మాట, పీ విలువ 0.05 దాటిన చలరాశులను ఒక్కొక్కటిగా తొలగించుకుంటూ వెళ్లండి. చివరికి మిగిలినవే అసలు కారణాలు.

ఫణి:
నేను విద్యుత్ పంపిణీ సంస్థకు రేపటి డిమాండ్ అంచనాలు వేస్తాను. నా మోడల్‌లో నిన్న ఇదే గంటకు ఎంత లోడు ఉందో అదే ముఖ్యమైన చలరాశి. నిన్నటి లోడు ఇవాళ్టి లోడుకు కారణం కాదని నాకు తెలుసు, అయినా తీసేయను. తీసేస్తే అంచనా కుప్పకూలుతుంది. కాబట్టి నా ఓటు కిరణ్ గారికే.

సుబ్బారావు:
ఫణి గారి పనిలో ఆయన చేస్తున్నది నూటికి నూరుపాళ్లు సరైనదే. అయితే లావణ్య గారు అడిగింది ఆ పని గురించి కాదు. పొయ్యి మారిస్తే పిల్లలు బతుకుతారా అన్నది ఆమె ప్రశ్న.

ఈ చిక్కు కొత్తది కాదు. కాలిఫోర్నియాలో యెరుషాల్మీ అనే పరిశోధకుడు సిగరెట్ తాగే తల్లుల పిల్లల గురించి 1971లో ఒక వ్యాసం ప్రచురించారు. పొగతాగే తల్లులకు తక్కువ బరువు పిల్లలు ఎక్కువగా పుడుతున్నారు. కానీ 2,500 గ్రాముల కన్నా తక్కువ ఉన్న పిల్లలను మాత్రమే పోల్చితే, పొగతాగే తల్లుల పిల్లలే ఎక్కువగా బతుకుతున్నారు. దీంతో ఆ హానికి సిగరెట్ కారణం కాకపోవచ్చన్న అనుమానం ఆయన వెలిబుచ్చారు. 1991లో అమెరికాలో పుట్టిన పిల్లల లెక్కల్లోనూ ఇదే కనిపించింది. ఆ లెక్కలను విశ్లేషించి 2006లో వెలువడిన అధ్యయనంలో పొగతాగే తల్లుల పిల్లల మరణాల రేటు తాగని వారితో పోలిస్తే 1.55 రెట్లు. బరువును మోడల్‌లో చేర్చగానే అది 1.05కు పడిపోయింది. తక్కువ బరువు పిల్లల వరకే చూస్తే 0.79. లావణ్య గారు చూస్తున్నది ఈ కథే.

ఎందుకిలా జరుగుతుందో ఒక ఊహాజనిత లెక్కతో చూద్దాం. అంకెలు నేను కల్పించినవి, కూడికలు ఎవరైనా సరిచూసుకోవచ్చు. పొగ ఉన్న ఇళ్లలో 10,100 మంది, లేని ఇళ్లలో 10,100 మంది పిల్లలు పుట్టారు. రెండు వైపులా నూరేసి మందికి పుట్టుకతో తీవ్రమైన లోపం ఉంది. ఆ నూరుమందిలో 80 మంది తక్కువ బరువుతో పుడతారు, బరువు ఎంతైనా వారిలో నూటికి 30 మంది చనిపోతారు. లోపం లేని పదివేల మందిలో పొగ వైపు 1,200 మంది, పొగ లేని వైపు 600 మంది తక్కువ బరువు. అంటే పొగ ఆ సంఖ్యను రెట్టింపు చేసింది. లోపం లేకుండా బరువు తక్కువైన వారిలో నూటికి నలుగురు, బరువు సరిగా ఉన్న వారిలో వెయ్యికి ఐదుగురు చనిపోతారు. ఈ లెక్కలో పొగ ఎవరికీ మేలు చేయదు, అలా నేనే కట్టాను.

ఇప్పుడు మొత్తం మరణాలు కూడితే పొగ వైపు 122, అటువైపు 101. పొగ హానికరమన్నది స్పష్టం. తక్కువ బరువు పిల్లలను మాత్రమే తీసుకుంటే పొగ వైపు 1,280 మందిలో 72 మంది, అంటే 5.6 శాతం. అటువైపు 680 మందిలో 48 మంది, అంటే 7.1 శాతం. పొగ ప్రాణాలు కాపాడుతున్నట్టుంది కదా! బరువు తగ్గడానికి పొగ ఒక దారి, పుట్టుక లోపం ఇంకో దారి. పొగ లేని ఇంట్లో బిడ్డ బరువు తక్కువగా ఉంటే, దానికి లోపమే కారణమయ్యే అవకాశం పెరుగుతుంది. లోపం మన డేటాలో లేదు కనుక దాని ప్రభావం వెళ్లి పొగ గుణకం మీద పడుతోంది.

కిరణ్ గారూ, ఇదే లెక్కలో పొగ ఒక్కటే ఉన్న మోడల్‌కు ఏయూసీ 0.52, నాణెం ఎగరేసినదానికి దాదాపు సమానం. బరువు చేర్చితే 0.72. అంత మెరుగైన మోడల్‌లో పొగ ఆడ్స్ నిష్పత్తి 1.21 నుంచి సుమారు 0.89కి దిగజారి, తలకిందులైన సమాధానం ఇస్తుంది. లావణ్య గారి ప్రశ్నకు 0.52 మోడలే నిజం చెబుతోంది.

మేరీ:
నవజాత శిశువుల వార్డులో నర్సుగా పనిచేస్తాను, గణితం నాకంతగా రాదు. కానీ పై లెక్క చదివాక ఒకటి అనిపించింది. తక్కువ బరువు బిడ్డ మా దగ్గరికి వచ్చి, తల్లికి పొగ గానీ వేరే కారణం గానీ కనిపించకపోతే మేం మరింత జాగ్రత్తపడతాం, ఇంకేదో ఉందేమోనని డాక్టర్ గారు స్కానింగ్ రాస్తారు. అంటే ఆ 7.1 శాతం మాకు నిజంగానే పనికొచ్చే అంకె. దాన్ని తప్పుడు సమాధానం అంటే ఎలా సర్?

సుబ్బారావు:
మీరు అన్నది అక్షరాలా నిజం మేరీ గారూ. మీ వార్డులో ఏ మంచం దగ్గర ఎక్కువ కాపలా ఉండాలో చెప్పడానికి రెండో మోడలే కావాలి, ఆ రుణ గుర్తు కూడా ఉండాలి. తప్పు అంకెలో లేదు. ఆ అంకెను పట్టుకెళ్లి ఒక గర్భిణితో 'కట్టెల పొయ్యే నయం' అనడంలో ఉంది. మీ మోడల్‌కు వేరే షరతు ఉంటుంది: అంచనా వేసే క్షణానికి ఆ చలరాశి చేతిలో ఉండాలి. మూడో నెలలోనే ప్రమాదంలో ఉన్న గర్భిణులను గుర్తించాలనుకుంటే పుట్టిన బరువు ఇంకా లేదు కాబట్టి, మరణాలను ఎంత బాగా పసిగట్టినా అది మోడల్‌లోకి రాదు.

ఇక పీ విలువ చూసి తొలగించే పద్ధతి గురించి. లావణ్య గారి మొదటి మోడల్ కూడా ఉన్నదున్నట్టు సరిపోదు, అందులో పేదరికం లేదు. సమైక్య రాష్ట్రంలో 1999లో దీపం పథకం కింద మహిళలకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చిన తర్వాత కూడా ఎవరు సిలిండరు తిరిగి నింపించుకోగలిగారన్నది డబ్బు మీదే ఆధారపడింది. డబ్బు బిడ్డ ఆరోగ్యాన్నీ మారుస్తుంది. కాబట్టి ఇంటి ఆస్తిపాస్తులు, తల్లి చదువు, వయసు, ఎన్నో కాన్పు అన్నవి మోడల్‌లో ఉండాలి. వాటిలో ఒకదాని పీ విలువ 0.3 వచ్చినా, ఏయూసీ ఇసుమంత కూడా పెరగకపోయినా ఉండాలి. పొయ్యి ఎంపికకు ముందు ఏమున్నదో, తర్వాత ఏమొచ్చిందో డేటా తనంతట తాను చెప్పదు, ఆ క్రమం మనమే గీసుకోవాలి.

కిరణ్:
లెక్క వేసి చూశాను, సరిపోయింది. చలరాశుల ఎంపిక గురించి మీరు చెప్పింది ఒప్పుకుంటున్నాను. కానీ ఒక అభ్యంతరం మిగిలే ఉంది. నా మోడల్ తప్పయితే కొత్త డేటా మీద అది బయటపడుతుంది. మీ 0.52 మోడల్ తప్పయితే ఎలా బయటపడుతుంది? పరీక్ష లేని సమాధానాన్ని ఎలా నమ్మాలి? ఇంకొకటి, బరువుతో సంబంధం లేకుండా పొగ నేరుగా ఊపిరితిత్తులకు చేసే హాని ఎంతో తెలుసుకోవాలంటే బరువును చేర్చక తప్పదు కదా.

సుబ్బారావు:
అభ్యంతరం సరైనదే. విడిగా దాచిన డేటా ఇక్కడ సాక్ష్యం చెప్పదు, ఎందుకంటే ఆ డేటాలోనూ పుట్టుక లోపం కనిపించదు. అదే పక్షపాతం రెండు చోట్లా అచ్చంగా అలాగే ఉంటుంది. అందుకని వేరే పరీక్షలు పెట్టుకుంటాం.

ఒకటి, పొగ ప్రభావం ఉండే వీలే లేని ఫలితాన్ని ఎంచుకుని అదే మోడల్ నడపడం. గర్భిణి ధనుర్వాతం ఇంజెక్షన్ వేయించుకుందా లేదా అన్నదాన్ని ఫలితంగా పెట్టండి. పొయ్యి ఆ ఇంజెక్షన్‌ను ఆపలేదు. అయినా పొగ గుణకం సున్నాకు దూరంగా వస్తే, పేదరికమో, ఆసుపత్రికి దూరమో సరిగా సర్దుబాటు కాలేదని అర్థం. రెండోది, మన సమాధానాన్ని తుడిచేయాలంటే కనిపించని అంశం ఎంత బలంగా ఉండాలో లెక్కించడం. సిగరెట్‌కూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ సంబంధం మీద వాదన నడుస్తున్నప్పుడు 1959లో కార్న్‌ఫీల్డ్ బృందం చేసినది ఇదే. పొగతాగే వారికి ముప్పు తొమ్మిది రెట్లుంటే, దాన్ని పూర్తిగా వేరే అంశం ఖాతాలో వేయాలంటే, ఆ అంశం పొగతాగే వారిలో కనీసం తొమ్మిది రెట్లు ఎక్కువగా ఉండాలని చూపారు. అలాంటి అంశాన్ని ఎవరూ చూపలేకపోయారు. లావణ్య గారి నిష్పత్తి అంత పెద్దది కాకపోవచ్చు, అప్పుడు ఈ పరీక్షలో నెగ్గడం కష్టమే. కష్టమన్న మాట కూడా థీసిస్‌లో రాయాలి.

నేరు ప్రభావం గురించి: బరువు చేర్చాలి, దానితో పాటు బరువునూ మరణాన్నీ కలిపి ప్రభావితం చేసే పుట్టుక లోపాల వంటివి కూడా చేర్చాలి. అవి కొలవని డేటాలో నేరు ప్రభావం దొరుకుతుందని నేను అనుకోను.

కిరణ్:
అక్కడ మాత్రం మీతో ఏకీభవించను. కొలవని లోపం ఎంత సాధారణమో బయటి ఆధారాల నుంచి ఒక పరిధి తీసుకుని, ఆ పరిధిలో నేరు ప్రభావం ఎంతవరకు మారుతుందో చూపవచ్చు. ఒక్క అంకె రాకపోతే ఏం, పరిధి అయినా వస్తుంది.

లావణ్య:
అందరికీ ధన్యవాదాలు. మా గైడుకు ఈ లెక్క చూపించాను. పొయ్యి మారిస్తే ఏమవుతుందన్న అధ్యాయంలో బరువు తీసేయడానికి ఒప్పుకున్నారు. ఆశా కార్యకర్తల కోసం ప్రమాద సూచీ తయారుచేసే అధ్యాయంలో ఉంచుతున్నాం, దాన్ని మరుసటి ఏడాది కాన్పుల మీద పరీక్షిస్తాం. సుబ్బారావు గారూ, ఒక సందేహం. నా డేటాలో సజీవంగా పుట్టిన పిల్లలే ఉన్నారు.

సుబ్బారావు:
అయితే బరువును తీసేసినా వల పూర్తిగా తప్పలేదమ్మా. పొగ వల్ల కొన్ని గర్భాలు మధ్యలోనే పోయి ఉంటే, పొగ ఉన్న ఇళ్లలో పుట్టినవారు ముందే ఒక వడపోత దాటి వచ్చినవారవుతారు. బతికి పుట్టడం అన్నదే ఇక్కడ బరువు చేసిన పని చేస్తుంది. మృత శిశు జననాలు ఆసుపత్రి రిజిస్టర్లలో ఉంటే వాటిని కలిపి, మరణమంటే ప్రసవానికి ముందూ తర్వాతా రెండూ అని ఫలితాన్ని మార్చి చూడండి.

మేరీ:
మృత శిశువులను మా రిజిస్టర్‌లో రాస్తాం, బరువుతో సహా. ఐదో నెలలోపు పోయినవి మాత్రం మా దాకా రావు. ఇంట్లోనే జరిగిపోతే ఎక్కడా నమోదు కావు.