రాత్రి షిఫ్టు సంగతి ప్రకటనలోనే చెప్పేయాలా, ఇంటర్వ్యూ దాకా ఆగాలా?

కొత్త లీడ్: సాఫ్ట్‌వేర్ సపోర్ట్ డెస్క్‌కి ఒక మనిషి కావాలి. ప్రకటన వేస్తే 180 దరఖాస్తులు వచ్చాయి. 15 మందిని పిలిచాం, రాత్రి షిఫ్టు మాట ఎత్తగానే 9 మంది వెనక్కి తగ్గారు. అన్నీ ముందే రాసేస్తే మంచివాళ్ళు కూడా బెదిరిపోతారని మా మేనేజర్ వాదన. సరిపడనివాళ్ళు ఇంటర్వ్యూకి ముందే ఆగిపోవాలంటే ప్రకటనలో, ఫారంలో ఏం రాయాలి?

ముక్కుసూటి: ఇందులో ఆలోచించడానికి ఏముంది? నాలుగు గంటలు పట్టే అసైన్‌మెంట్ ఒకటి పెట్టండి. నిజంగా ఉద్యోగం కావాలనుకున్నవాడు చేసి పంపుతాడు, మిగతావాళ్ళు వాళ్ళంతట వాళ్ళే పోతారు. మా టీమ్‌లో అదే పెట్టాం. వందల దరఖాస్తులు కాస్తా 20 అయ్యాయి.

పాత రిక్రూటర్: ఇరవై అయ్యాయి సరే, ఏ ఇరవై మిగిలారో చూశారా? నాలుగు గంటల పని అనగానే ముందు తప్పుకునేది ఇప్పటికే ఉద్యోగం చేస్తూ, చేతిలో ఇంకో రెండు అవకాశాలు ఉన్నవాళ్ళు. ఖాళీ టైమున్నవాళ్ళు, అవసరం ఎక్కువున్నవాళ్ళు మిగులుతారు. వాళ్ళలోనూ మంచివాళ్ళు ఉంటారు, కాదనను. కానీ ఆ జల్లెడ కొలిచింది ఓపికని, పనితనాన్ని కాదు.

నేను చూసేది ఒక్కటే. మనిషిని ఇప్పుడు ఆపుతున్న కారణం, రేపు ఉద్యోగంలో చేరాక వెళ్ళిపోయేలా చేసే కారణం ఒకటేనా? రాత్రి షిఫ్టు అలాంటిదే. ఇంటర్వ్యూలో వెనక్కి తగ్గిన ఆ 9 మంది, మీరు చెప్పకుండా చేర్చుకుంటే రెండో నెలలో వెళ్ళిపోయేవాళ్ళు. పొడుగు ఫారం అలాంటిది కాదు, ఎందుకంటే ఉద్యోగంలో రోజూ ఫారాలు నింపే పని లేదు కదా.

ఇంతకీ లీడ్ గారూ, మీ ప్రకటనలో షిఫ్టు గురించి ఇప్పుడు ఏముందో ఉన్నదున్నట్టు పెట్టండి.

కొత్త లీడ్: “ఉత్సాహవంతులు, టీమ్‌తో కలిసి పనిచేసేవారు, ఒత్తిడిని తట్టుకోగలవారు కావాలి. అవసరాన్ని బట్టి షిఫ్టుల్లో పనిచేయగలగాలి.” అదండీ. ఫారంలో “షిఫ్టుల్లో పనిచేయగలరా? అవును / కాదు” అని ఉంది. 180లో 176 మంది “అవును” అన్నారు.

పాత రిక్రూటర్: ఆ నలుగురూ ఎంత నిజాయితీపరులో! వాళ్ళని పిలవాల్సింది.

సరదాకి అన్నాను గానీ, లోపం అక్కడే ఉంది. ఏ జవాబు కావాలో ప్రశ్నే చెప్పేస్తోంది. పైగా “అవసరాన్ని బట్టి” అంటే నెలకో రాత్రి అని ఒకరు అనుకుంటారు, వారానికి మూడు అని ఇంకొకరు. ఎవరూ అబద్ధం చెప్పలేదు, ఎవరికి అనుకూలంగా వాళ్ళు చదువుకున్నారు.

ప్రకటనలో ఇలా రాయండి: “ప్రతి మూడు వారాల్లో ఒక వారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు డ్యూటీ. ఆ సమయంలో డెస్క్ మీద మీరొక్కరే ఉంటారు. రోజుకు 30 కాల్స్ దాకా వస్తాయి, వాటిలో సగం ఇంతకుముందు చెప్పిన జవాబే మళ్ళీ చెప్పడం.” అంకెలు మీ డెస్క్‌వే వేయండి, నావి ఊహ. ఆ చివరి ముక్క తీసేయమంటారు మీ మేనేజర్. తీయొద్దు. చేరాక జనాన్ని విసిగించేది రాత్రికంటే అదే.

ఫారంలో అవును, కాదు బదులు మూడు దారులు పెట్టండి. ఇంతకుముందు రాత్రి డ్యూటీ చేశాను. చేయలేదు గానీ ఈ పద్ధతికి సిద్ధం. నాకు పగటి డ్యూటీ మాత్రమే కుదురుతుంది. మూడోది ఎంచుకున్నవాళ్ళని పగటి ఖాళీ వచ్చినప్పుడు సంప్రదిస్తామని రాయండి, నిజంగా ఆ ఉద్దేశం ఉంటేనే. నిజం చెబితే తలుపు మూసుకుపోదని తెలిస్తే జనం నిజమే చెబుతారు.

అర్చన: నేను అవతలి వైపు మనిషిని. ఒక చోట అనుభవం ఎన్నేళ్ళు అని అడిగారు. నాది మూడున్నరేళ్ళు. ఆ గడిలో పూర్తి అంకె తప్ప పట్టదు, 3 అని వేశాను. వాళ్ళకి కావాల్సింది 4. పంపిన రెండు నిమిషాలకే “ఈసారికి కుదరలేదు” అని మెయిల్. అర్ధరాత్రి పన్నెండున్నరకి నా రెజ్యూమె చదివిందెవరు? అలాంటి చోట ఏ అంకె వేయాలో చెప్పండి, 4 వేయొచ్చా?

ముక్కుసూటి: వేసేయండి, అందరూ వేస్తారు.

పాత రిక్రూటర్: వేయొద్దమ్మా, ఇంటర్వ్యూలో లెక్క తేలాక ఇంకా ఇబ్బంది. అయితే తప్పు మాత్రం ఆ ఫారం రాసినవాళ్ళది. జవాబు చూడగానే దానంతట అదే తిరస్కరించే ప్రశ్నల్ని, అది లేకపోతే పని అసలు జరగదు అన్న వాటికే వాడాలి. రాత్రి షిఫ్టు అలాంటిది. లైసెన్స్ తప్పనిసరైన పనికి లైసెన్స్ అలాంటిది. నాలుగేళ్ళన్నది అలాంటిది కాదు, ఎవరో గుండ్రంగా ఉందని వేసిన అంకె.

లీడ్ గారూ, ఫారం బయట పెట్టే ముందు ఇప్పుడు మీ డెస్క్‌లో బాగా పనిచేస్తున్న ఇద్దరి చేత నింపించండి. వాళ్ళలో ఎవరైనా జల్లెడలో ఆగిపోతే సరిచేయాల్సింది ప్రశ్నని.

సుధాకర్: ప్రకటన మధ్యలో “మెయిల్ సబ్జెక్ట్‌లో ‘నీలం’ అని రాయండి” అని ఒక వాక్యం దాచేవాళ్ళం. చదవకుండా వందచోట్లకి పంపేవాళ్ళు దొరికిపోయేవారు. పదేళ్ళు బాగానే పనిచేసింది. ఇప్పుడు జాబ్ పోర్టల్ నుంచి వచ్చే దరఖాస్తుల్లో అసలు సబ్జెక్ట్ గడే లేదు, జాగ్రత్తగా చదివినవాళ్ళూ పోతున్నారు. మానేశాం.

కొత్త లీడ్: షిఫ్టు సంగతి అర్థమైంది. కానీ ఇంకో ఆరుగురు షిఫ్టుకి ఒప్పుకున్నారు, పని రాదు. అది ఫారంలో ఎలా తెలుస్తుంది?

పాత రిక్రూటర్: “సమస్యలు పరిష్కరించడంలో మీకు మీరు పదికి ఎన్ని వేసుకుంటారు?” లాంటివి వద్దు. బాగా తెలిసినవాడు 7 వేస్తాడు, తెలియనివాడు 9 వేస్తాడు.

ఒకే ఒక్క చిన్న సందర్భం ఇవ్వండి. “నిన్నటి నుంచి ప్రింట్ రావడం లేదు, మేమేం మార్చలేదు అని కస్టమర్ ఫోన్ చేశారు. ముందు అడిగే రెండు ప్రశ్నలేవి? ఎందుకు?” అయిదు వాక్యాలకి మించొద్దని, పది నిమిషాల పని అని అక్కడే రాయండి. “మీ ఒక్కరికేనా, పక్కవాళ్ళకీ రావట్లేదా?” అని అడిగినవాడు సమస్యని సగం చేస్తున్నాడు. “కంప్యూటర్ ఆపి మళ్ళీ ఆన్ చేయమంటాను” అన్నవాడు ప్రశ్నే అడగలేదు. ఏ జవాబుకి ఎంత విలువో దరఖాస్తులు తెరవకముందే కాగితం మీద పెట్టుకోండి, లేకపోతే భాష బాగున్నవాళ్ళకే మార్కులు పడతాయి.

ముక్కుసూటి: ఆ జవాబు పక్కవాడి చేత రాయించుకుంటే?

పాత రిక్రూటర్: రాయించుకుంటారు. అందుకే పిలిచాక పది నిమిషాల ఫోన్‌లో అదే కథని ఇంకో అడుగు ముందుకి తీసుకెళ్ళండి. “పక్కవాళ్ళకీ రావట్లేదట, ఇప్పుడేం చేస్తారు?” సొంతంగా రాసినవాళ్ళు ఆగరు.

అర్చన: ఇంట్లో చిన్నపిల్లలున్నారా అని అడిగే ఫారాలు కూడా చూశాను, రాత్రి షిఫ్టు కోసమేనట.

పాత రిక్రూటర్: అది అడగనే కూడదు, చాలా దేశాల్లో చట్టపరంగా చిక్కు కూడా. టైమింగ్స్ మీరు చెప్పండి, ఇల్లు ఎలా సర్దుకోవాలో వాళ్ళు చూసుకుంటారు.

సుధాకర్: జీతం సంగతి ఎవరూ ఎత్తట్లేదే? మా దగ్గర చివర్లో పోయేది ఎప్పుడూ దానివల్లే. కనీసం ఇంత, గరిష్ఠం ఇంత అని ప్రకటనలో వేయాల్సిందే.

కొత్త లీడ్: అడిగాను సార్. వేస్తే ఇప్పుడున్నవాళ్ళు తమకి తక్కువిస్తున్నామని కనిపెడతారట.

సుధాకర్: అంటే తక్కువే ఇస్తున్నారన్నమాట.

పాత రిక్రూటర్: దాన్ని ఫారం తీర్చలేదు. మొదటి ఫోన్‌లోనైనా చెప్పండి, ఇంటర్వ్యూ గదిదాకా లాగొద్దు. వేస్తే దరఖాస్తులు ఎంత తగ్గుతాయన్నది చోటుని బట్టి మారుతుంది, నేను రెండు రకాలుగానూ చూశాను.

కొత్త లీడ్: షిఫ్టు వాక్యం, ప్రింటర్ ప్రశ్న సోమవారం పెడుతున్నాను. “సగం కాల్స్ చెప్పిందే చెప్పడం” అన్న ముక్క దగ్గర మేనేజర్ ఇంకా ఒప్పుకోలేదు.