ప్రీమియం కట్టినా పాలసీ ల్యాప్స్ అయిందంటున్నారు, రివైవల్ ఫారం మీద సంతకం పెట్టాలా?

కాకినాడ ఇల్లాలు (సెప్టెంబరు 2, ఉదయం)
అందరికీ నమస్కారం. మా వారి పేరు మీద 50 లక్షల టర్మ్ పాలసీ ఉంది. ఆరేళ్లుగా మూడు నెలలకోసారి కడుతున్నాం. మే 12 నాటి డ్యూని జూన్ 9న ఫోన్‌లో బిల్లులు కట్టే యాప్ నుంచి కట్టాను. ఖాతాలోంచి 4,870 రూపాయలు పోయాయి, యాప్‌లో పచ్చ టిక్కు కూడా పడింది. మొన్న ఆగస్టు డ్యూ కట్టబోతే తీసుకోలేదు, పాలసీ ల్యాప్స్ అని చూపించింది.

బ్రాంచికి పరిగెత్తాను. డబ్బు తమకు జూన్ 12న చేరిందట, డ్యూ తేదీ దాటాక ఇచ్చే గ్రేస్ గడువు 11తోనే అయిపోయిందట, అందుకని డిపాజిట్‌లో పడి ఉందట. రివైవల్ ఫారం చేతిలో పెట్టి "సంతకం పెట్టించుకు రండమ్మా, వడ్డీ వంద రూపాయలు కూడా ఉండదు, వారంలో అయిపోతుంది" అన్నారు. ఇంటికొచ్చి చదివితే అందులో సగం ఆరోగ్యం గురించిన ప్రశ్నలే. మా వారికి జులైలో రెండు స్టెంట్లు వేశారు. రాత్రంతా నిద్ర పట్టలేదు. ఉత్తరం రాద్దామంటే ఏం రాయాలో తెలియడం లేదు. యాప్ స్క్రీన్‌షాట్ సరిపోతుందా? ఆగస్టు డ్యూ సంగతేంటి?

వరంగల్ శీను
అక్కా, నాది ఇంతకంటే ఘోరం. మా కాలనీ ఏజెంటుకు నాలుగు కిస్తులు నగదు ఇచ్చిన. చీటీ మీద సంతకం పెట్టిచ్చిండు. రెండేండ్లకు చూస్తే ఒక్క కిస్తు కూడ జమ కాలే. ఆఫీసుల అడిగితే మాకేం సంబంధం అన్నరు. ఎవ్వరిని నమ్మొద్దు.

గోదారి గట్టు72
ఇంత చిన్నదానికి ఇంత కంగారెందుకమ్మా. నాదీ పోయినేడు ల్యాప్స్ అయింది. ఫారం మీద సంతకం పెట్టాను, 600 కట్టాను, రెండో రోజుకి పాలసీ లేచి కూర్చుంది. అసలు గ్రేస్ 15 రోజులే, మీరు కట్టిందే ఆలస్యం. స్టెంట్ల సంగతి ఫారంలో ఎత్తకండి, ఎవరొచ్చి చూస్తారు?

కౌంటర్ వెనక 31 ఏళ్లు
72 గారూ, దయచేసి ఆ సలహా వెనక్కి తీసుకోండి. బీమా ఆఫీసులో రివైవల్ సీట్లోనే పదకొండేళ్లు కూర్చున్నవాణ్ణి, ఊరుకోలేక రాస్తున్నాను.

15 రోజుల గ్రేస్ నెలనెలా కట్టేవాళ్లకి. మూడు నెలలకు, ఆరు నెలలకు, ఏడాదికి కట్టేవాళ్లకి 30 రోజులు. మే 12 డ్యూకి జూన్ 11 వరకు గడువుంది. ఈమె 9న కట్టింది. ఆలస్యం ఈమెది కాదు.

అమ్మా, ఆ ఫారం మీద మీ వారి చేత సంతకం పెట్టించకండి. రివైవల్ కోరడమంటే పాలసీ ల్యాప్స్ అయిందని మీరే ఒప్పుకున్నట్టు. అప్పుడు ఆరోగ్యం చూసి ఒప్పుకోవాలా వద్దా అన్నది కంపెనీ చేతిలోకి పోతుంది. జులైలో స్టెంట్లు పడ్డ మనిషికి కాదనొచ్చు, ప్రీమియం పెంచొచ్చు. రెండోది ఇంకా పెద్దది. బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం పాలసీకి మూడేళ్లు నిండాక, ఆరోగ్యం దాచారనో తప్పు చెప్పారనో కంపెనీ దాన్ని ప్రశ్నించడానికి వీల్లేదు. మీకు ఆరేళ్లు నిండాయి, ఆ రక్షణ మీ చేతిలో ఉంది. రివైవల్ చేయించారంటే ఆ మూడేళ్లు రివైవల్ తేదీ నుంచి మళ్లీ మొదటికొస్తాయి. 72 గారు చెప్పినట్టు స్టెంట్లు దాచి సంతకం పెట్టి, రెండేళ్లలో జరగరానిది జరిగితే ఆస్పత్రి కాగితాలు తెప్పించుకుని క్లెయిమ్ కొట్టేస్తారు. ఎవరొచ్చి చూస్తారంటారా? క్లెయిమ్ వచ్చిన రోజున చూస్తారు.

మీరు అడగాల్సింది రివైవల్ కాదు. గడువులో కట్టిన డబ్బుని కట్టిన తేదీతో జమ చేసి, ల్యాప్స్ అన్న నమోదు తీసేయమని అడగాలి.

గోదారి గట్టు72
నేను మంచికే చెప్పాను. మీ ఆఫీసర్ల మాటలు నమ్మి ఏళ్లు తిరిగినవాళ్లని చూశాను. వంద రూపాయలతో పోయేదానికి ఉత్తరాలు, ఫిర్యాదులు అంటారేంటి? అయినా ఆరేళ్లు కట్టిన పాలసీ ఊరికే పోదు, పెయిడప్ అవుతుంది, అంటే కట్టినంత మేరకు నిలుస్తుంది.

కౌంటర్ వెనక 31 ఏళ్లు
పొదుపు కలిసిన ఎండోమెంట్ పాలసీ అయితే అవుతుంది. ఈమెది టర్మ్, దానికి పెయిడప్ ఉండదు. గ్రేస్ దాటితే కవరే లేదు. మీకు రెండు రోజుల్లో లేచిందంటే మీరు ఆరోగ్యంగా ఉన్నారు గనక. అందరికీ ఆ అదృష్టం ఉండదు సార్.

హైకోర్టు రోడ్డు
నేను అడ్వకేట్‌ని, ఇలాంటి కేసులు చాలా చూశాను. శీను గారూ, మీ కేసులో ఏమీ రాదు. 1997లో హర్షద్ షా కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. ప్రీమియం వసూలు చేసే అధికారం లేని ఏజెంటు చేతికి ఇస్తే ఎల్ఐసీకి కట్టినట్టు కాదని తీర్పు. ఈ అమ్మగారిదీ అంతే, యాప్ అనేది మధ్యవర్తి. కంపెనీకి చేరిన తేదీయే తేదీ.

వరంగల్ శీను
వకీలు సాబ్, గట్లెట్ల ఏమీ రాదంటరు? పాలసీ ఇప్పిచ్చింది గా ఏజెంటే. ఐడీ కార్డు మెడల ఏసుకొని ఇంటికొచ్చిండు. ఆయనకు అధికారం ఉన్నదో లేదో మాకెట్ల ఎరుక?

హైకోర్టు రోడ్డు
తెలుసుకోవాల్సిన బాధ్యత మీదే. చట్టం అంటే చట్టమే.

పంతులమ్మ
వకీలు గారు సగమే చెప్పారు. మా తమ్ముడు పనిచేసే చోట జీతంలోంచే ప్రీమియం కోసేవారు. అక్కడివాళ్లు కొన్ని నెలలు కోశారుగాని పంపలేదు. తమ్ముడు పోయాక ల్యాప్స్ అన్నారు. అప్పుడు మేము చూపింది 1999 నాటి బాసంతీ దేవి కేసు. ఢిల్లీ విద్యుత్ సంస్థ ఉద్యోగి జీతంలో కోసి పంపకపోతే, ఆ యజమానిని ఎల్ఐసీ తరఫున వసూలు చేసే ఏజెంటుగానే చూడాలనీ, బాధ్యత ఎల్ఐసీదేననీ సుప్రీంకోర్టు చెప్పింది. మా మరదలికి డబ్బొచ్చింది. పద్నాలుగు పే స్లిప్పులు ఒక్కోటీ జిరాక్సు తీసి, ప్రీమియం కోసిన గడి కింద ఎర్ర పెన్నుతో గీత గీసి పెట్టాను. విచారణలో అధికారి ఒక్కో గీతనీ వేలితో తడిమి చూశారు. కాగితమే మాట్లాడిందండీ.

హైకోర్టు రోడ్డు
అది జీతాల పథకం. యాప్‌కి అన్వయించదు. తీర్పులు చదవడం రానివాళ్లు ఉదహరించడం ప్రమాదం.

పంతులమ్మ
చదవడం వచ్చు కాబట్టే మా ఇంట్లో పిల్లల ఫీజులు ఆగలేదు. మాట జాగ్రత్త.

కౌంటర్ వెనక 31 ఏళ్లు
ఇద్దరూ ఆగండి. శీను బాబూ, నీకు ఏమీ లేదనడం సరికాదు. కొందరు ఏజెంట్లకి వసూలు చేసే అధికారం కంపెనీయే రాసిస్తుంది. నీ ఏజెంటుకి ఉందా లేదా అని ముందు రాతపూర్వకంగా అడుగు. ఏజెంటు వసూలు చేస్తే 24 గంటల్లో జమ చేయాలని 64వీబీ సెక్షన్లో ఉంది, సెలవులు మినహాయించి. అధికారం లేకపోతే మాత్రం వకీలు గారన్న చిక్కు నిజమే. చీటీ పారేయకు, పోలీసు ఫిర్యాదుకి అదే ఆధారం.

యాప్ సంగతికొస్తే, వకీలు గారితో నేను ఏకీభవించను. ఈమె యాప్‌ని వెతుక్కుని పోలేదు, కంపెనీయే తన బిల్లులు అక్కడ కట్టొచ్చని పెట్టింది. పెట్టినవాళ్ల తరఫునే వసూలు అయినట్టు.

హైకోర్టు రోడ్డు
అది మీ వాదన. యాప్‌ల మీద నేరుగా తీర్పు చూపించండి.

డాలస్ బావ
మా నాన్నగారి పాలసీకి ఎన్ఆర్ఈ ఖాతా నుంచి ఆటో డెబిట్ పెట్టొచ్చా? ఎవరికైనా తెలుసా?

కాకినాడ ఇల్లాలు (సెప్టెంబరు 3)
అందరికీ దండాలు. ఫారం పక్కన పడేశాను. ఉత్తరం ఎలా రాయాలో ఎవరైనా చెప్పండి.

కౌంటర్ వెనక 31 ఏళ్లు
పొట్టిగా రాయండమ్మా. ఆస్పత్రి ఊసు, బాధలు, తిట్లు ఏవీ వద్దు. ఇదుగో, పాలసీ మీ వారిది కాబట్టి సంతకం ఆయనదే:

"విషయం: పాలసీ నం. ___, మే 12 ప్రీమియం కట్టిన తేదీతో జమ చేసి, ల్యాప్స్ నమోదు తొలగించడం గురించి.
అయ్యా, పై పాలసీ ప్రీమియం రూ. 4,870 గ్రేస్ గడువైన జూన్ 11కి ముందే, జూన్ 9న కట్టాను. అదే రోజు నా భార్య ఖాతాలోంచి మొత్తం డెబిట్ అయింది. అది మీ వద్ద డిపాజిట్‌లో ఉందని మీ బ్రాంచిలో చెప్పారు. కనుక దాన్ని జూన్ 9 తేదీతో జమ చేసి, పాలసీ ఎడతెగకుండా అమల్లో ఉన్నట్టు సరిచేయగలరు. ఇది రివైవల్ దరఖాస్తు కాదు. ఆగస్టు 12 ప్రీమియం చెక్కు జతపరిచాను."

ఆ చివరి రెండు వాక్యాలు వదలొద్దు. ఆగస్టు డ్యూకి గ్రేస్ సెప్టెంబరు 11తో పోతుంది. అదీ దాటితే ఈసారి నిజంగానే ల్యాప్స్ అంటారు. ఆన్‌లైన్ తీసుకోదు కాబట్టి చెక్కే ఇవ్వండి. తిరగ్గొడితే తిరగ్గొట్టినట్టు రాసిమ్మనండి. గడువులో కట్టబోయామనడానికి అదే సాక్ష్యం.

స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు. పచ్చ టిక్కు కట్టినట్టు చూపిస్తుంది గాని కంపెనీ లెక్కలో వెతకడానికి పనికిరాదు. యాప్‌లో బిల్లు రసీదు దించుకోండి, దాని మీద లావాదేవీ నంబరు ఉంటుంది. బ్యాంకుకెళ్లి జూన్ నెల స్టేట్‌మెంటు ముద్ర వేయించి తీసుకోండి, ఆ పన్నెండంకెల రిఫరెన్సు నంబరు దాంట్లో ఉండాలి. బాండు మొదటి పేజీ జిరాక్సు, ల్యాప్స్ చూపించే పేజీ. ఇంతే. ఉత్తరం రెండు ప్రతులు పట్టుకెళ్లి, ఒకదాని మీద తేదీతో ఇన్‌వర్డ్ ముద్ర కొట్టించుకోండి. ముద్ర వేయకపోతే స్పీడ్ పోస్టులో పంపండి. అదే ఉత్తరం కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసరుకి ఈమెయిల్ చేయండి.

పంతులమ్మ
నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్‌లో బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారమ్మా. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. 50 లక్షల వరకు వినే అధికారం ఉంది కాబట్టి మీది సరిగ్గా అంచున పడుతుంది. ఈలోపు బీమా భరోసా పోర్టల్లో ఫిర్యాదు పెట్టండి, 155255కి ఫోన్ చేసినా నమోదు చేస్తారు.

గోదారి గట్టు72
స్టెంట్లు దాచమన్న మాట వెనక్కి తీసుకుంటున్నానమ్మా. మిగతాది మాత్రం, బ్రాంచి మేనేజరుతో ఒకసారి మంచిగా మాట్లాడితే ఇంత దూరం రాదని ఇప్పటికీ నా అభిప్రాయం.

కాకినాడ ఇల్లాలు (సెప్టెంబరు 8)
ఈ రోజు వెళ్లాం. ముందు కౌంటరావిడ "రివైవల్ ఫారం లేకుండా తీసుకోము" అంది. ఇది రివైవల్ కాదు, ఉత్తరంలో అదే రాశాం అని మా వారు నెమ్మదిగా చెప్పారు. ముప్పావుగంట కూర్చోబెట్టారు. చివరికి మేనేజరు పిలిచి స్టేట్‌మెంటులో జూన్ 9 వరుస చూసి, పక్కన పెన్సిల్‌తో టిక్కు పెట్టి, పై ఆఫీసుకి పంపుతానన్నారు. ఇన్‌వర్డ్ ముద్ర పడింది. చెక్కు మాత్రం రసీదు ఇవ్వకుండా "ఉత్తరంతో పాటు అందినది" అని రాసి సంతకం చేశారు. అది చాలా?

కౌంటర్ వెనక 31 ఏళ్లు
చాలు. ఆ ప్రతిని ఇప్పుడే ఫొటో తీసి ఉంచండి. 11లోగా చెక్కు నగదయిందో లేదో రోజూ చూడండి. నగదు కాకపోతే 12న ఇక్కడ రాయండి.

వరంగల్ శీను
సార్, మా ఏజెంటుకు అధికారం ఉన్నదా అని అర్జీ పెట్టిన. నెల దాటినా జవాబు రాకపోతే నేను కూడ హైదరాబాద్ పోవచ్చా?