స్పీడ్ తగ్గించినా టు, ఆఫ్, అండ్ ఎందుకు వినపడవు?

సీతమ్మధార ప్రసన్న: రోజూ ఇంగ్లీషు లిజనింగ్ ప్రాక్టీస్ చేస్తున్నాను. టు, ఆఫ్, అండ్ లాంటి చిన్న మాటలు నా చెవికి అందవు. స్పీడ్ 0.75కి తగ్గించినా అంతే. మాట్లాడేవాళ్ల వేగం వల్లా, బద్ధకం వల్లా, లేక అలాగే పలకాలని రూలుందా? మనమూ అలా పలకాలా, వద్దా?

ఎంవీపీ కిరణ్: ఇది స్ట్రెస్ టైమింగ్ అండి. ఇంగ్లీషులో ఒత్తి పలికే అక్షరాల మధ్య గడువు సమానంగా ఉంటుంది. మధ్యలో ఒక మాటున్నా నాలుగున్నా అంతలోనే ఇమడాలి కాబట్టి చిన్నవి నలిగిపోతాయి. కోచింగులో మాకు ఇదే చెప్పారు. వేరే కారణమేమీ లేదు.

మద్దిలపాలెం మాస్టారు: కిరణ్ బాబూ, ఇంగ్లీషు లయకీ ఈ నలుగుడికీ సంబంధం ఉంది, అంతవరకు నిజమే. కానీ ఏది ముందు, ఏది వెనక అన్నదే తగువు. ఆ సమాన గడువుల మాట 1945లో అమెరికన్ భాషావేత్త కెన్నెత్ పైక్ రాసినప్పటి నుంచి పాఠాల్లోకి వచ్చింది. తర్వాత రికార్డింగులు పెట్టి కొలిస్తే ఆ సమానత్వం కనబడలేదు. 1983లో రెబెక్కా డావర్ అనే పరిశోధకురాలు ఇంగ్లీషునీ స్పానిష్ వంటి భాషల్నీ పక్కపక్కన పెట్టి కొలిచారు. మధ్యలో అక్షరాలు పెరిగితే గడువూ పెరిగింది, అన్ని భాషల్లోనూ. అంటే లయ కోసం మాటలు నలగడం లేదు. అవి ముందే నలిగి ఉంటాయి కాబట్టే మన చెవికి ఆ లయ తోస్తోంది.

ప్రసన్నగారూ, స్పీడ్ తగ్గిస్తే ఉన్న శబ్దం సాగుతుంది తప్ప లేని శబ్దం పుట్టదు. కప్ ఆఫ్ టీ అనే మాటని ఇంగ్లీషువాళ్లు ఎంత నింపాదిగా అన్నా అక్కడ మనం రాసుకునే దీర్ఘం ఉండదు. నాలుక ఎటూ కదలకుండా, నోరు కాస్త తెరుచుకుని వచ్చే పొట్టి అ, దాని వెనక పళ్లు కింది పెదవికి తగిలీ తగలనట్టు ఒక వ్. చివర ఫ్ ఉండనే ఉండదు. ఫ్ ఉన్నది స్విచ్ ఆఫ్‌లోని మాటకి. ఆ రెండూ పాత ఇంగ్లీషులో ఒకటే మాట, ఒత్తి పలికినది ఒకదారి, తేలికగా పలికినది ఇంకోదారి పట్టాయి. మాటల తొందరలో ఆ వ్ కూడా పోయి కపటీ అవుతుంది. కానీ తర్వాత అచ్చు వస్తే మాత్రం వ్ నిలబడుతుంది.

అండ్ ఇంకా వింత. బ్రెడ్ అండ్ బటర్‌లో చివరి డ్ పోతుంది, ముందున్న అ కూడా పోతుంది, మిగిలేది ఒక్క న్. వెనకున్న బ కోసం పెదవులు ముందే మూసుకుంటాయి కాబట్టి ఆ న్ కాస్తా మ్ అవుతుంది. మీరు అక్కడ అండ్ కోసం వెతుకుతారు, చెవికి వచ్చేది మూసిన పెదవుల మ్.

కంచరపాలెం లక్ష్మి: మాస్టారూ, ఏటి ఇది, ఒక మాక్ ఇంటర్వ్యూలో నేను వన్నా, గొన్నా అన్నందుకు ప్యానెల్లో ఒకాయన అందరిముందూ వీధిభాష అని కసురుకున్నారండి. ఆ రోజంతా ఏడుపొచ్చింది. మరి ఇవన్నీ తప్పా ఒప్పా?

మద్దిలపాలెం మాస్టారు: లక్ష్మీ, అది వేరే సంగతమ్మా. వన్నా, గొన్నా అన్నవి రెండు మాటలు కలిసిపోయిన రూపాలు, చనువున్న చోట వాడతారు. ఐ వాంట్ టు గో అని విడిగా చెబుతూ మధ్యలో టు ని పొట్టిగా పలకడం వీధిభాష కాదు. ఎంత గంభీరమైన వార్తలైనా చదివేవాళ్లు అలాగే చదువుతారు. నువ్వు రెండోది నేర్చుకో, మొదటిది ఇంటర్వ్యూలో వద్దు. కసరడం మాత్రం ఆయన తప్పే.

ఎంవీపీ కిరణ్: సరే, లయ కాకపోతే వాడకం. ఎక్కువగా వచ్చే మాట, ముందే ఊహించగలిగే మాట అరిగిపోతుంది. అంతే కదా?

మద్దిలపాలెం మాస్టారు: అది బలమైన కారణమే. అమెరికన్ల టెలిఫోన్ సంభాషణలు కొలిచినవాళ్లకి, పక్క మాటల్ని బట్టి ఊహకందే చిన్నమాట మరింత పొట్టిగా దొరికింది. అయినా దాన్ని ఈ వాక్యం దగ్గర పరీక్షించు: వాట్ ఆర్ యూ థింకింగ్ ఆఫ్? ఇక్కడ ఆఖరి మాటని అందరూ ఊహించగలరు. దాన్నెవరూ ఒత్తి పలకరు, ఒత్తిడి థింకింగ్ మీద ఉంటుంది. అయినా ఎంత వేగంలోనైనా అక్కడ నిండు అచ్చే వినబడుతుంది. కప్ ఆఫ్ టీలో నలిగిన మాటే ఇక్కడ నలగదు.

ఎంవీపీ కిరణ్: వాక్యం చివర ఏ మాటైనా సాగుతుంది మాస్టారూ.

మద్దిలపాలెం మాస్టారు: మంచి అభ్యంతరం. అయితే ఆస్క్ హిమ్ అన్నప్పుడు చివరనున్న హిమ్ ఎందుకు నలిగి ఆస్కిమ్ అవుతోంది? హూ వర్ యూ టాకింగ్ టు యెస్టర్డే అన్నప్పుడు టు చివర లేదు, అయినా నిండుగా ఎందుకుంది? తేడా స్థానంలో లేదు. టు, ఆఫ్ తమ వెనక వచ్చే మాట మీద ఆనుకుంటాయి. టాకింగ్ టు తర్వాత ఆనుకోవలసిన మాట వాక్యం మొదటికి వెళ్లిపోయి హూ అయింది. యెస్టర్డే దాని సొంత మాట కాదు. ఆనుకోవడానికి ఏమీ లేనప్పుడు అది తన కాళ్ల మీద తానే నిలబడాలి. హిమ్ అయితే ముందున్న క్రియ మీద ఆనుకుంటుంది కాబట్టి దానికి చివరైనా ఇబ్బంది లేదు. అందుకే ఇది బద్ధకం కాదంటాను. బద్ధకానికి వాక్య నిర్మాణం చూసుకునే ఓపిక ఉండదు.

పోర్టు రమణ: నేను ఓడల ఏజెన్సీలో పని చేస్తాను మాస్టారూ. మీ వ్యాకరణం కాదనను. కానీ మా దగ్గరికొచ్చే సిబ్బందిలో ఫిలిప్పీన్స్, ఉక్రెయిన్, చైనా వాళ్లు ఎక్కువ, ఇంగ్లీషు సొంతభాషగా ఉన్నవాళ్లు తక్కువ. వీహెచ్ఎఫ్ రేడియోలో నేను చిన్నమాటలు మింగితే మళ్లీ చెప్పమంటారు. మనం నిండుగానే పలకాలి. ఇంగ్లీషు ఉచ్చారణ మీద పరిశోధించిన జెన్నిఫర్ జెంకిన్స్ 2000లో చెప్పిందీ ఇదే కదా, వేర్వేరు దేశాలవాళ్లు ఇంగ్లీషులో మాట్లాడుకునేటప్పుడు ఈ నలుగుడు అక్కర్లేదని.

మద్దిలపాలెం మాస్టారు: పలకడం వరకు మీతో చాలావరకు ఏకీభవిస్తాను రమణగారూ. ఒక్క చోట తప్ప. ఫోర్ టు ఫైవ్ టన్స్ అన్నప్పుడు టు ని మనం టూ అని నిండుగా పలికితే నాలుగు రెండు అయిదు అని వినే ప్రమాదం ఉంది. పొట్టిగా పలికితే అది అంకె కాదని తెలుస్తుంది.

పోర్టు రమణ: ఆ పొట్టిదనాన్ని నమ్ముకోలేం. 1989లో కౌలాలంపూర్ దగ్గర ఫ్లయింగ్ టైగర్ కార్గో విమానం కూలింది. 2400 అడుగులకు దిగమంటూ కంట్రోలర్ టూ ఫోర్ జీరో జీరో అన్నారు, అమెరికన్ సిబ్బంది దాన్ని 'టు' 400గా విన్నారు. నలుగురూ పోయారు. ఇంగ్లీషు సొంతభాష అయినవాళ్ల చెవే అంకెని చిన్నమాట అనుకుంది. మేము రేంజి చెప్పాలంటే బిట్వీన్ ఫోర్ అండ్ ఫైవ్ అంటాం.

మద్దిలపాలెం మాస్టారు: అక్కడ దిగమన్న మాట తర్వాత టు వస్తుందని వాళ్ల చెవి ఎదురుచూసింది, కిరణ్ చెప్పిన ఊహే కొంప ముంచింది. మీ బిట్వీన్ పద్ధతి నా సలహా కంటే భద్రం, రేడియో మీద దాన్నే ఉంచండి. ముఖాముఖి మాటల్లో మాత్రం నా మాట మార్చుకోను.

ప్రసన్నగారూ, మీకు కావలసింది వినడం కాబట్టి డిక్టేషన్ రాయండి. చిన్నమాట వినపడిందా అని చూడకండి, అక్కడ వాక్యానికి ఏ మాట కావాలో ముందు రాసి, తర్వాత మళ్లీ విని ఆ చోట ఏ శబ్దం మిగిలిందో చూడండి. ఇంగ్లీషువాళ్లూ ఇలాగే సరిపెట్టుకుంటారు. కుడ్ హావ్ అని రాయాల్సిన చోట వాళ్లలో చాలామంది కుడ్ ఆఫ్ అని రాస్తారు, ఎందుకంటే నలిగాక రెండూ ఒకేలా వినబడతాయి.

సీతమ్మధార ప్రసన్న: ఇప్పుడే ఒక క్లిప్ మీద చూశాను. సాల్ట్ అండ్ పెప్పర్‌లో మ్ దొరికింది! కానీ అండ్ యూ అన్న చోట డ్ పోలేదు, జ లాగా వినబడింది. అదేంటి మాస్టారూ?

ఎంవీపీ కిరణ్: డిడ్ యూ డిజ్యూ అయినట్టే అనుకుంటా. కానీ అండ్‌లో డ్ ఎప్పుడు పోతుంది, ఎప్పుడు జ అవుతుంది అన్నది నాకూ తెలియాలి.